పసుపు కింది గోరు

మా ఇంట్లో ఒక రివాజు ఉంది. బోనమెత్తే ఆడమనిషి తన కాళ్ళకు తాను పసుపు రాసుకోదు. ఇంట్లో వేరే ఎవరన్నా రాయాలి. ఎందుకని చిన్నప్పుడు మా అమ్మనడిగితే, "ఆ పొద్దు నువ్వు అమ్మోరి మనిషివే. నీ కాళ్ళు నువ్వే పట్టుకుంటవా?" అన్నది. అంతకు మించి అడిగితే వీపు పగిలేది కాబట్టి నేను అడగలేదు. అమ్మకు పొలం పనులతో తీరిక దొరికేది కాదు. అందుకని నా కాళ్ళకు పసుపు రాసింది ఎప్పుడూ మా అక్కే.

అక్క నాకంటే చాలా పెద్దది. నన్ను చంకనేసుకుని తిప్పింది అదే, తల దువ్వింది అదే, బడికి పోనంటే రెండు తగిలించి పంపిందీ అదే. పెళ్ళయ్యాక బావ మరమగ్గాల పనికి భివండి పోతే దాన్నీ వెంట తీసుకుపోయిండు. అక్కడ మగ్గాల మీద పనిచేసే మనోళ్ళకు రెండు పూటలా వండిపెట్టి, ఆ గిన్నెలన్నీ తోమి బతుకుతున్నది. నేను ఉప్పల్‌కు కాపురానికొచ్చిన తర్వాత ఏడాదికి ఒక్కసారే కలుసుకునేవాళ్ళం. ఆషాఢంలో, బోనాలకు. ఆ నాలుగు రోజుల కోసం నేను మిగతా ఏడాదంతా బతికేదాన్నంటే మా ఆయనకు కోపం గాని, అబద్ధమైతే కాదు.

బోనం పొద్దున నన్ను కుర్చీలో కూచోబెట్టి, అది నేల మీద బాసింపట్టు వేసుకుని, నా కాలు తన ఒడిలో పెట్టుకునేది. పసుపులో కొంచెం నూనె చుక్క, కొంచెం నీళ్ళు. మడమ నుంచి మొదలుపెట్టి వేళ్ళ సందుల దాకా ఒత్తి ఒత్తి రాసేది. రాస్తున్నంతసేపూ మాట్లాడేది. భివండిలో ఎవరి కోడలు ఎవరితో కొట్లాడింది, బావ గురక ఎంత దూరం వినిపిస్తది, అన్నీ. చివరికి కుంకుమ బొట్లు పెట్టి, "లే, ఇగ మహారాణివి," అని కాలి మీద ఒక్కటి కొట్టేది. ఊళ్ళో అమ్మ పోయింది, ఇల్లు కూలింది, చింతచెట్టు ఎవరో కొట్టేసుకున్నారు. పుట్టింట్లో నాకు మిగిలింది ఆ ఒడి ఒక్కటే.

పోయేముందు అక్క ఇంకో పని చేసేది. ఉప్పల్ బజారులో ఒక జత కొత్త రబ్బరు చెప్పులు కొనుక్కుని, తొడుక్కుని వచ్చిన పాతవి మా బాత్రూం గడప దగ్గర విడిచిపెట్టేది. "ఉండనియ్యే, మల్ల వచ్చినప్పుడు తానానికి పనికొస్తయి," అనేది. మళ్ళీ ఏడాది అవి పారేసి, అప్పటివి పెట్టి పోయేది. ఆ నీలిపట్టీల చెప్పులు మా ఇంట్లో అక్క తాలూకు సామాను. అది లేనప్పుడు అదున్నట్టు.

నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే సెక్షన్‌లో పనిచేస్తాను. పొద్దున పోగానే మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడగాలి. ఎండాకాలమైనా, ఏకాలమైనా. లోపల నీళ్ళు, వేడి, ఆవిరి. సాయంత్రం బూటు విప్పితే కాళ్ళు నానబెట్టిన పప్పులా ఉబ్బి తెల్లగా ముడతలు పడి ఉండేవి. బూట్లు మనవి కావు, కంపెనీవి. పొద్దటి షిఫ్ట్ వాళ్ళు విప్పినవి మధ్యాహ్నం షిఫ్ట్ వాళ్ళు తొడుక్కుంటారు. లోపల ఇంకా తడి ఆరకముందే. వేళ్ళ సందుల్లో దురద మా సెక్షన్‌లో అందరికీ ఉండేది. టీ టైంలో ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటుంటే సూపర్‌వైజర్ "ఏంది డాన్సా?" అనేవాడు. దురదనెవరు పట్టించుకుంటారు?

కుడికాలు బొటనవేలి గోరు పసుపురంగుకు తిరిగింది మొదట ఎప్పుడో నాకు తెలియదు. ఆ తెలియకపోవడానికి కారణం ఉంది. శుక్రవారం శుక్రవారం కాళ్ళకు పసుపు రాసుకునేదాన్ని నేను. పసుపు రాసుకునే ఆడవాళ్ళ గోళ్ళు పచ్చగా కాక నల్లగా ఉంటాయా? పండగ పసుపు ఇంకా పోలేదనుకున్నా. పోకపోతే ఇంకా మంచిదే, ముత్తైదువ కాలు అనుకున్నా. పైగా పసుపు దేనికైనా మందే కదా, కొంచెం దురదున్నా అదే పోతుందిలే అని ఇంకొంచెం దట్టించేదాన్ని. మా బస్తీలో ఎవరి గోళ్ళు చూసినా అట్లాగే ఉంటాయి. పసుపు కింద ఏముందో ఎవరు చూస్తారు?

పసుపు కాదని తెలిసింది గోరు తీసుకుంటుంటే. నెయిల్ కట్టర్ నోట్లో పట్టలేదు. గోరు అంత దళసరిగా అయింది. గట్టిగా నొక్కితే పెళుసుగా విరిగి, కింద నుంచి తెల్లటి పొడి రాలింది. చెక్కపురుగు తిన్న తలుపు కింద రాలినట్టు. చివర గోరు వేలిని వదిలేసి పైకి లేచి ఉంది. పక్కవేలికీ మొదలైంది. మెట్టె ఉన్న వేలికి. మా ఆయన వంగి చూసి, "ఇదేందే, గోరా డెక్కనా?" అన్నాడు. పరాచికంగానే అన్నాడు. కాని నేను ఆ రోజు నుంచి ఇంట్లో కూడా చీర కుచ్చిళ్ళు కిందికి జార్చి కట్టుకోవడం మొదలుపెట్టాను.

మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాశాను. వేళ్ళ సందుల్లో దురద తగ్గింది, గోరు మాత్రం నన్ను చూసి నవ్వింది. అంత మందం గోరులోంచి ఆ క్రీము లోపలికెట్లా దిగుతుంది? ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ట్యూబును తిట్టాను, షాపాయన్ని తిట్టాను. నాది ఓపిక లేని ఒళ్ళు. అన్నం ఉడికిందా లేదా అని మూడు సార్లు మూత తీసేదాన్ని. ఏ మందైనా పొద్దున వేసుకుంటే సాయంత్రానికి కనబడాలి నాకు.

ఆ ఏడు ఆషాఢం వచ్చింది. అక్క వచ్చింది. బోనం పొద్దున ఎప్పటిలాగే గిన్నెలో పసుపు కలిపి, నేల మీద కూచుని, "దా," అని ఒడి తట్టింది.

నేను కుర్చీలో కూచోలేదు. ఆ గోరును అక్క ఒడిలో పెట్టాలని లేదు. ఆ పొడి దాని చేతికంటుకుంటుందని, అది ముక్కు మీద వేలేసుకుని "ఛీ, ఇదేందే" అంటుందని, భయం కొంత, సిగ్గు ఎక్కువ. "నేనే రాసుకుంట తీయ్ అక్కా," అన్నాను.

"నువ్వెట్ల రాసుకుంటవే? బోనమెత్తేదానివి."

"ఏమైతది? ఇప్పుడంత పట్టింపు ఎవరికున్నది?"

నా చేతులు దాని చేతిలోని గిన్నె మీదికి పోయాయి. అక్క నన్ను ఒకసారి చూసింది. గిన్నె నేల మీద పెట్టి, లేచి, కొంగుకు చేతులు తుడుచుకుంది. "పెద్దగయినవు తియ్," అన్నది. అంతే. తర్వాత ఆ పూట నాతో భివండి కబుర్లు చెప్పలేదు. బావ గురక సంగతి కూడా ఎత్తలేదు. బోనం ఎత్తుకుని గుడి దాకా నడిచానే గాని, ఆ రోజు కాళ్ళకున్నది ఒట్టి పసుపు. మూడో రోజు అక్క కొత్త చెప్పులు కొనుక్కుని, పాతవి గడప దగ్గర విడిచి, బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యూపింది గాని తల బయటపెట్టలేదు.

ఆ వారమే నేను డాక్టర్ దగ్గరికి పోయాను. నాచారంలోనే, ఫ్యాక్టరీకి పోయే దారిలో, చర్మం డాక్టరమ్మ. మంచి మనిషి, కాని మాటలో మెత్తదనం తక్కువ. నా కాలు చూసి, "ఇది పసుపా, గోరా?" అన్నారు. చిన్న బ్లేడుతో పైన గీకారు. పైన ఉన్న పసుపు పొరలా లేచింది. కింద ఉన్న పచ్చదనం మాత్రం కదల్లేదు. "చూశారా, ఇది లోపల్నుంచి వచ్చిన రంగు. ఫంగస్ అనుకుంటున్నాను. కాని అనుకుని మందు వేయకూడదు. గోరు ఇట్లా కావడానికి వేరే జబ్బులూ ఉన్నాయి, బూటు ఒత్తిడీ ఉంది," అని గోరు ముక్కా, కింది పొడీ తీసి పరీక్షకు పంపారు. లివర్ ఎట్లా ఉందో రక్తపరీక్ష కూడా రాశారు. గోటికీ లివర్‌కూ ఏం చుట్టరికమని అడిగాను. "మందు మింగేది మీరు. అది పోయేది అక్కడికి," అన్నారు.

పరీక్షలో ఫంగస్సే అని తేలింది. రోజుకొక టాబ్లెట్ రాశారు. నేను అడిగిన మొదటి మాట: "మేడం, వచ్చే బోనాల వరకు తగ్గుతదా?"

ఆవిడ వంగి నా కాలు పట్టుకున్నారు. నా బొటనవేలి మీద, గోరు మొదట్లో, పెన్నుతో చిన్న గీత గీశారు. "ఇక్కడి నుంచి కొత్త గోరు పుడుతుంది. మందు ఈ చెడిపోయిన గోరును బాగు చేయదమ్మా. పుట్టే గోరును కాపాడుతుంది, అంతే. చెడింది కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ పోతుంది, మీరు కత్తిరించుకుంటూ పోవాలి. చేతి గోరైతే ఆరు నెలల్లో తేలుతుంది. కాలి బొటనవేలిది నత్త. ఏడాది, ఏడాదిన్నర."

"మరి ఏడాదిన్నర గోలీలు మింగాల్నా?"

"టాబ్లెట్లు మూడు నెలలు. ఆపేసిన తర్వాత కూడా మందు కొన్నాళ్ళు గోరులో ఉండి పనిచేస్తుంది. మిగతాదంతా ఎదురుచూడడమే."

నాకు ఏడుపొచ్చింది. గోటికోసం కాదు. ఏడాదంటే ఒక బోనాలు. ఏడాదిన్నరంటే రెండో బోనాల దాకా ఆగాలి. డాక్టరమ్మకు అదేం తెలుసు? ఆవిడ జాగ్రత్తలు చెప్తూ పోయారు. కాళ్ళు కడుక్కుని వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి, సందుల్లో క్రీము రాయాలి, చెడిన గోటికి వాడిన కట్టర్ మంచి గోటికి వాడొద్దు, ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరి బూట్లూ తొడగొద్దు, పాత చెప్పులు బూట్లు పారేయాలి. ఫంగస్ గింజలు వాటిలో నెలల తరబడి కూచుని ఉంటాయి, కాలు దూరగానే మళ్ళీ లేస్తాయి. "ఇది మందుకు తగ్గుతుంది, నిర్లక్ష్యానికి తిరిగొస్తుంది. చాలామందికి తిరిగొస్తుంది," అన్నారు.

నేను ఇంటికొచ్చి చెప్పుల స్టాండు బోర్లించాను. పెళ్ళిళ్ళకు తొడిగే హీల్ చెప్పులు, వానాకాలం చెప్పులు, తెగితే కుట్టించుకున్న శాండిల్స్, అన్నీ సంచిలో కట్టి చెత్తబండికేశాను. మా ఆయన "నన్ను కూడా ఎత్తెయ్, పాతోన్నే," అన్నాడు. ఫ్యాక్టరీలో కొట్లాడి నా బూట్లు నాకే అని పేరు రాయించుకున్నాను. సొంత డబ్బులతో రెండో జత కొనుక్కుని, ఒకటి తొడిగిన రోజు ఇంకోటి ఎండబెట్టేదాన్ని. సాక్సులు వేడినీళ్ళలో ఉతికాను. ఓపిక లేని మనిషిని అంత చేశాను.

టాబ్లెట్లు అయిపోయే సమయానికి గోరు మొదట్లో సన్నటి గులాబీ రంగు అర్ధచంద్రం కనబడింది. సరిగా పెట్టిన బొట్టంత కూడా లేదు. పొద్దున లేవగానే మంచం మీదే కాలు దగ్గరికి లాక్కుని చూసుకునేదాన్ని. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా ఉంటుంది? అయినా చూసేదాన్ని. గోరు పెరగడం చూస్తూ కూచునే పని ఎవరికన్నా శిక్షగా వేయాలనుకుంటే, నాలాంటి వాళ్ళకే వేయాలి.

ఆదివారాలు అక్క ఫోన్ చేసేది. "మంచిగున్నవా?" "మంచిగున్న. నువ్వు?" "గిట్లనే." తర్వాత బావ గొంతు, టీవీ చప్పుడు, గిన్నెల మోత. ఇంతకు ముందు పెట్టమంటే పెట్టేది కాదు ఫోను. ఇప్పుడు "ఇగ ఉంట" అనేది దానికదే. గోరు సంగతి చెబుదామని నోటి దాకా వచ్చేది. కాని పూర్తిగా బాగయ్యాక, కాలు దాని ఒడిలో పెట్టి చెబుదామనుకున్నాను. అందంగా ఉంటుందనుకున్నాను. ఇట్లాంటి అందాల కోసం ఎంత కాలం పాడు చేసుకుంటామో.

మరుసటి ఆషాఢానికి గోరు సగం గులాబీ, సగం పసుపు. నేను రెడీగా ఉన్నాను. సగమైనా చూపిస్తా, చెబుతా అనుకున్నాను. అక్క రాలేదు. వండేవాళ్ళు దొరకలేదన్నది. మనిషిని చూడకుండానే తెలిసిపోతుంది, కారణం అది కాదని. బోనం పొద్దున పక్కింటి వదినను పిలిచి పసుపు రాయించుకున్నాను. ఆమె మంచిదే, కాని చేతి గడియారం చూసుకుంటూ రాసింది. గుడి దగ్గర డప్పుల మోతలో, జనంలో, కళ్ళు తుడుచుకుంటే ఎవరికీ తెలియదు. అమ్మోరు పూనిందనుకుంటారు.

అక్క లేని ఆ ఏడు నేను అక్క చెప్పులు తొడగడం మొదలుపెట్టాను. బాత్రూం గడప దగ్గర అది విడిచిపోయినవి. బట్టలు ఉతికేటప్పుడు తొడిగేదాన్ని, డాబా మీద ఆరేసేటప్పుడు తొడిగేదాన్ని. దాని పాదం నా పాదం కంటే పెద్దది. అట్ట మీద దాని బొటనవేలు నొక్కి నొక్కి చేసిన గుంట ఉండేది. నా వేలు ఆ గుంటలో పెట్టేదాన్ని. పెట్టి కాసేపు నిలబడేదాన్ని. నీళ్ళు బకెట్ నిండి కారిపోతున్నా. అక్క అలిగింది గాని చెప్పులు అలగలేదు కదా అనిపించేది.

ఇంకొన్ని నెలలకు గోరు దాదాపు అంతా వచ్చింది. చివర గోరంత పసుపు అంచు. దాన్ని కత్తిరించిన రోజు వీధిలో ఐదారు ఇళ్ళకు మిఠాయి పంచుదామా అనిపించింది. వచ్చే ఆషాఢానికి అక్కను ఎట్లాగైనా రప్పించాలని, బావకు ఫోన్ చేసి టికెట్ తీయమని కూడా చెప్పాను.

వేసవి మొదలైన కొత్తలో ఒక పొద్దున కాలు దగ్గరికి లాక్కుని చూస్తే, గోరు మూల, చివర నుంచి లోపలికి, పసుపు చార. పసుపు రాసుకోవడం ఎప్పుడో మానేశాను. సబ్బుతో తోమాను. పోలేదు. గోటితో గీకాను. పోలేదు. మంచం మీద కూచుని నా కాలిని నేనే కొట్టుకున్నాను. మా ఆయన టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరమ్మ చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. మళ్ళీ ముక్క తీసి పంపారు. మళ్ళీ ఫంగస్సే. నాకు ఒళ్ళు మండింది. "అన్నీ చేసిన మేడం. బూట్లు మార్చిన, సాక్సులు మార్చిన, కట్టర్ వేరే పెట్టిన. ఇంకేం చెయ్యాలె?"

"చేశారు. లేకపోతే ఈ మాత్రం కూడా వచ్చేది కాదు," అన్నారు. "ఒకసారి దెబ్బతిన్న గోటికి ఇది మళ్ళీ పట్టడం తేలిక. కొందరికి లోపల కొంచెం మిగిలి తిరిగి లేస్తుంది. కొందరికి బయటి నుంచి కొత్తగా అంటుకుంటుంది. ఇంట్లో ఎవరికన్నా ఉందా?"

మా ఆయన కాళ్ళు చూపించాం. శుభ్రంగా ఉన్నాయి. ఆయన గర్వపడ్డాడు కూడా.

"ఇంట్లో ఏమన్నా పాత చెప్పులు మిగిలాయా? బాత్రూంలో తొడిగేవి?"

"లేవు మేడం. నావన్నీ పారేసిన."

"మీవి కానివి?"

ఆవిడ చెప్పింది నా పాత చెప్పులు పారేయమని. అక్క చెప్పులు నావి ఎట్లా అవుతాయి? ఆ లెక్కలో నేను వాటిని చూడనే లేదు. ఎప్పుడూ తడి ఆరని గడప దగ్గర, రోజూ, కావాలని, ఆ గుంటలో వేలు పెట్టి నిలబడ్డాను.

"మా అక్కయి ఉన్నయి," అన్నాను.

"అక్కయ్య గారి గోళ్ళు ఎట్లా ఉంటాయి?"

మా అక్క గోళ్ళు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. నన్ను చంకనెత్తిన మనిషి. నా కాళ్ళు ఒడిలో పెట్టుకున్న మనిషి. అది మా ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ పొద్దున నాకంటే ముందు లేచి, స్నానం చేసి, కాళ్ళకు దట్టంగా పసుపు పట్టించుకునే కనబడేది. దాని కాళ్ళు గుర్తు చేసుకుంటే నాకు పసుపే కనబడుతుంది.

"ఆమె నుంచే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను," అన్నారు డాక్టరమ్మ. "మీ కంపెనీ బూట్లు ఉన్నాయి. రక్తసంబంధంలో కొందరికి ఇది తేలిగ్గా పట్టే గుణమూ ఉంటుంది. కాని ఆమెను చూడకుండా మిమ్మల్ని ఒక్కరినే బాగు చేస్తే, మళ్ళీ ఇక్కడే కూచుంటాం మనం."

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఆదివారం కాదు కాబట్టి భయపడి ఎత్తింది. "ఏమైందే?"

మొత్తం చెప్పాను. ఆ ఏడు కాలు ఎందుకియ్యలేదో, గోరెట్లా ఉండిందో, గోలీలు, ఏడాదిన్నర, మళ్ళీ వచ్చిన చార. చెప్పులు తొడిగి నిలబడడం మాత్రం చెప్పలేదు. తర్వాత అదీ చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను. అటు గిన్నెల మోత ఆగింది.

"గింతేనా?" అన్నది చివరికి. "నేను పేదదాన్నని, గిన్నెలు తోమే చేతులని, నీకు నామోషీ అయిందనుకున్న గదనే."

"అక్కా, నీ గోళ్ళెట్లున్నయి?"

అటు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

"అక్కా."

"నాయి ఎప్పటినుంచో గట్లనే ఉన్నయి బిడ్డా. నువ్వు సూస్తే అసయ్యపడ్తవని దినాం పసుపు పట్టిస్తుంటి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం రెండూ చేశాం. ఆ వారం నాది సెకండ్ షిఫ్ట్. బస్సు తప్పిపోయింది, నేను ఆ రోజు పనికే పోలేదు.

ఆషాఢంలో అక్క వచ్చింది. కాళ్ళకు పసుపు లేకుండా రమ్మన్నాను, డాక్టరమ్మ అట్లాగే రమ్మన్నారని. వచ్చింది, కాని చీర కుచ్చిళ్ళు నేలకు ఈడుస్తూ వచ్చింది. నేను దాన్ని కుర్చీలో కూచోబెట్టి, కింద కూచుని, టబ్బులో దాని కాళ్ళు పెట్టాను. "వద్దే, వద్దే," అని రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు. పది గోళ్ళూ. కొన్ని కొమ్ములా వంకర తిరిగి, కొన్ని సగం రాలి. అరికాళ్ళు పిండి చల్లినట్టు తెల్లగా పొలుసులు, మడమలు చీలి ఉన్నాయి. తడి నేల మీద నిలబడి ఎన్నేళ్ళు ఎంతమందికి వండిపెట్టిందో ఆ కాళ్ళలోనే ఉంది. సబ్బు పెట్టి కడిగి, సందులు పొడిగా తుడిచాను. అక్క తల పక్కకు తిప్పుకుని గోడ చూస్తూ కూచుంది. నేనే మాట్లాడాను. మా ఆయన గురక గురించి.

డాక్టరమ్మ దాని గోటి ముక్క తీశారు, రక్తపరీక్ష రాశారు, షుగర్ కూడా చూపించమన్నారు. పసుపు రాయొచ్చా అని నేనే అడిగాను. "రాయండి, పండగ కదా. పసుపును మందనుకోకండి, అంతే. గిన్నెలు వేరువేరుగా పెట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, కాళ్ళు కడిగి ఆరబెట్టుకోండి," అన్నారు.

బోనం పొద్దున రెండు గిన్నెల్లో పసుపు కలిపాం. నేను కుర్చీలో కూచున్నాను. అక్క ఒడి తట్టింది. చార తిరిగొచ్చిన గోటితోనే కాలు ఆ ఒడిలో పెట్టాను. అది ఆ గోటిని బొటనవేలితో తడిమి, "గింత దానికి రెండేండ్లు పోగొడ్తివి," అని, మడమ నుంచి మొదలుపెట్టింది. బొట్లు పెట్టేటప్పుడు నేను వంగి దాని భుజం మీద తల పెట్టాను. "కదలకు, బొట్టు వంకరపోతది," అన్నది.

పోయే రోజు ఉప్పల్ బజారులో కొత్త చెప్పులు కొన్నాం. పాతవి నేనే కవర్లో చుట్టి చెత్తబండికిచ్చాను, గడప దగ్గర ఉన్నవి అంతకు ముందే పోయాయి. అక్క చూస్తూ నిలబడి, "ఇగ ఈడ నాదేం లేదే," అన్నది నవ్వుతూ. నవ్వుతూనే అన్నది. పరీక్షలో దానికీ అదే తేలింది. మందులు తీసుకుపోయింది, భివండిలో ఎవరికి చూపించుకోవాలో చీటీ రాయించి ఇచ్చాను. బస్సు కదిలితే ఈసారి తల మొత్తం బయటపెట్టి, కనబడినంత దూరం చూసింది.

ఇప్పుడు ఆదివారాలు ఫోన్‌లో ముఖాలు కాదు, కాళ్ళు చూసుకుంటున్నాం. "నాది జర ఎర్రగయిందా, సూడు," అంటుంది. దీపం కిందికి జరపమంటాను. గోరు మొదట్లో సన్నటి గీత ఉందో, నా కళ్ళే కోరుకుంటున్నాయో తెలియదు. ఉందనే చెప్తాను. నా చార ఇంకా పోలేదు. టాబ్లెట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఇద్దరివీ బాగవడానికి ఇంకో ఆషాఢం, ఇంకొకటి పడుతుందేమో. బాగయ్యాక కూడా జాగ్రత్తగా ఉండాలి, ఇది తిరిగొచ్చే రకం.

బట్టలు ఉతకడానికి పోతుంటే కాలు ఇప్పటికీ దానంతటదే బాత్రూం గడప పక్కకు పోతుంది, నీలిపట్టీలు వెతుక్కుంటూ. అక్కడేమీ ఉండదు. బండ మాత్రం పొడిగా ఉంటుంది, నేను రోజూ తుడుస్తాను కాబట్టి.